బండి వ్యాపారికి క్యూఆర్, కార్డు మిషన్: దరఖాస్తులో చూసుకోవాల్సినవి

క్యూఆర్ కోసం కాగితాలు పెద్దగా అక్కర్లేదు. ఆధార్, పాన్, పాస్‌బుక్, బండి ఫొటో ఉంటే సాధారణంగా పనైపోతుంది. ఖాతా ఉన్న బ్యాంకులో అడగొచ్చు, లేదా చెల్లింపుల యాప్‌లో వ్యాపారుల విభాగం నుంచి సొంతంగా పెట్టుకోవచ్చు. పాన్‌లో, ఖాతాలో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటే దరఖాస్తు ఆగిపోవచ్చు. ముందే బ్యాంకులో సరిచేయించుకోండి.

ఎక్కువమంది దెబ్బతినేది మొబైల్ నంబరు, ఖాతా నంబరు రాసే దగ్గర. బండి దగ్గరికొచ్చిన ఏజెంటు తన ఫోన్‌లోనే ఫారం నింపేస్తాడు. వ్యాపారి రద్దీలో ఉండి ఓటీపీ చెప్పేస్తాడు. ఆ ఫారంలో వేరే నంబరు పడితే డబ్బు వచ్చిన సమాచారం వేరేవాళ్లకు వెళ్తుంది. వేరే ఖాతా పడితే డబ్బే అటు పోతుంది. అందుకే ఆ రెండు గడులూ మీరే నింపండి, లేదా మీ ఇంట్లో చదువుకున్నవాళ్లను పక్కన పెట్టుకుని నింపించండి. బ్యాంకులో ఉన్న నంబరే ఇవ్వాలి, ఆ సిమ్ మీ దగ్గరే ఉండాలి. ‘యాక్టివేట్ అవ్వాలంటే యూపీఐ పిన్ కొట్టండి’ అంటే వెంటనే ఆపేయండి. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అవసరం పడదు. పిన్ కొట్టారంటే డబ్బు పోతున్నట్టే.

స్టిక్కర్ అంటించగానే ఏజెంటును పంపించేయకండి. వేరే ఫోన్‌తో స్కాన్ చేసి, తెరమీద వచ్చిన పేరు మీదో కాదో చూడండి. ఒక రూపాయి వేసి, అది మీ ఖాతాకు చేరేదాకా పాత ఏర్పాటు మార్చకండి. సౌండ్ బాక్సు తీసుకుంటే నెల అద్దె ఎంత, దేన్నుంచి కోస్తారు, వద్దనుకుంటే ఎలా ఆపాలి అనేవి అడగండి. పెట్టె మూలన పడి ఉన్నా అద్దె కోత ఆగని సందర్భాలు ఉంటాయి.

ఇక ఖర్చు సంగతి. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపుకు, రూపే డెబిట్ కార్డుకు 2020 జనవరి 1 నుంచి వ్యాపారి దగ్గర ఎండీఆర్, అంటే లావాదేవీ రుసుము, తీసుకోవడం లేదు. మిగతా డెబిట్ కార్డులకు, ఏడాది అమ్మకం 20 లక్షలలోపు ఉన్నవాళ్ల దగ్గర మిషన్ మీద గరిష్ఠంగా 0.40 శాతమే తీసుకోవాలని రిజర్వు బ్యాంకు నిబంధన. క్రెడిట్ కార్డుకు అలాంటి గరిష్ఠ పరిమితి లేదు, ఒప్పందంలో ఎంత రాస్తే అంత. 500 రూపాయల బిల్లు మీద డెబిట్ కార్డుకు 2 రూపాయలు పోతే, క్రెడిట్ కార్డుకు ఒప్పందం 2 శాతమైతే 10 రూపాయలు పోతాయి. దానికి మిషన్ అద్దె అదనం. ఇరవై, ముప్పై రూపాయల బేరాలు చేసే బండికి కార్డు మిషన్ గిట్టదు. చీరలు, చెప్పులు అమ్మేచోట ఆలోచించొచ్చు.

రుసుము కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆలస్యం. రోజుకు 5,000 అమ్మే కూరగాయల బండిని తీసుకుందాం. అందులో 3,000 యూపీఐలో వచ్చింది. తెల్లవారుజామున మార్కెట్‌లో సరుకుకు 4,000 నగదు కావాలి. గల్లాలో ఉన్నది 2,000. క్యూఆర్ నేరుగా ఖాతాకు వేసే రకమైతే రాత్రే ఏటీఎంలో తీసుకోవచ్చు. సెటిల్‌మెంట్, అంటే డబ్బు ఖాతాలో పడటం, మరుసటి రోజైతే 2,000 అప్పు చేయాల్సిందే. కాబట్టి దరఖాస్తులోనే ‘సెటిల్‌మెంట్ ఎప్పుడు, సెలవు రోజున పడుతుందా’ అని అడిగి తేల్చుకోండి. కార్డు డబ్బు కూడా సాధారణంగా మరుసటి పనిదినానికే వస్తుంది. నగదుకు ఈ బెడద లేదు, కానీ దొంగనోటు, చిల్లర కొరత, దొంగతనం భారం మొత్తం మీదే.

మోసాలు ఎక్కువగా రద్దీ వేళలోనే జరుగుతాయి. ‘పడింది’ అని స్క్రీన్‌షాట్ చూపిస్తే సరుకు ఇవ్వకండి, అలాంటి తెరను నకిలీ యాప్‌తో తయారుచేయొచ్చు. సౌండ్ బాక్సు పలకాలి, లేదా మీ యాప్‌లో పడాలి. మీ స్టిక్కర్ మీద ఇంకొకటి అంటించి పోయేవాళ్లూ ఉన్నారు, రోజూ బండి తెరవగానే అంచులు తడిమి చూడండి. ‘పొరపాటున ఎక్కువ వేశాను, నగదు ఇవ్వండి’ అన్నా తొందరపడొద్దు. అది ఎవరినో మోసం చేసి తెచ్చిన సొమ్మైతే తర్వాత మీ ఖాతాకే బ్లాకు పడొచ్చు. అలా పడితే ఏ ఫిర్యాదు మీద, ఎంత మొత్తం ఆపారో బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. ఆ రోజు అమ్మకం చిట్టా దగ్గర పెట్టుకోండి. మీరే మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

కొనేవాళ్ల ఖాతాలో కోత పడి మీకు ఖరారు కాకపోతే గొడవ పడాల్సిన పని లేదు. వ్యాపారి చెల్లింపుల్లో అలా నిలిచిన సొమ్ము 5 రోజుల్లోగా వాళ్ల ఖాతాకు తిరిగి పడాలి, దాటితే బ్యాంకు రోజుకు 100 రూపాయలు కట్టివ్వాలి. ఆ విషయం వాళ్లకు చెప్పి, సరుకుకు మళ్లీ డబ్బు తీసుకోండి.