మోనోక్లోనల్ యాంటీబాడీలు, నాలుగో పాఠం: హాట్‌లో జారిన చోటు, పేర్లలో దాగిన ఆగమం

గత పాఠం చివర రెండు ప్రశ్నలు ఇచ్చాను: హాట్ ద్రవంలో హైబ్రిడోమా కణాలు ఎందుకు బతుకుతాయి, అడాలిముమాబ్ అనే మందు మూలం ఏమిటో పేరును బట్టి చెప్పండి అని. హాట్ అంటే హైపోజాంథిన్, అమినోప్టెరిన్, థైమిడిన్ కలిపిన పెంపకపు ద్రవం. హైబ్రిడోమా అంటే యాంటీబాడీ తయారుచేసే బి కణాన్ని మైలోమా అనే క్యాన్సర్ కణంతో కలిపి చేసిన కణం. మీరు రాసిన జవాబులన్నీ చదివాను. ఈసారి నేరుగా మానవీకరణలోకి, అంటే ఎలుక యాంటీబాడీని మనిషి యాంటీబాడీలా మార్చడంలోకి వెళ్దామనుకున్నాను కానీ, మొదటి ప్రశ్నలో ఎక్కువమంది ఒకే చోట జారారు. ముందు అది సరిచేద్దాం.

"అమినోప్టెరిన్ హైబ్రిడోమా కణాల మీద పనిచేయదు, అందుకే అవి బతుకుతాయి" అని రాశారు. పనిచేస్తుంది. మైలోమా కణం మీద ఎంత పనిచేస్తుందో దీని మీదా అంతే పనిచేస్తుంది.

ఒక ఇంటికి కుళాయి ఉంది, పెరట్లో బావి ఉంది అనుకోండి. కణం డీఎన్‌ఏ ముడిసరుకును మొదటినుంచి తానే తయారుచేసుకునే దారి కుళాయి. అమినోప్టెరిన్ ఆ కుళాయి కట్టేస్తుంది, అందరికీ. ఇక మిగిలింది బావి: మనం ద్రవంలో కలిపిన హైపోజాంథిన్‌ను తీసుకుని వాడుకునే దారి. నీళ్లు తోడడానికి చేద కావాలి. ఆ చేద పేరు హెచ్‌జీపీఆర్‌టీ ఎంజైమ్. మన మైలోమాకు అది లేదు, మనమే లేకుండా చేశాం. 8-అజాగ్వానిన్ అనే విషంలో పెంచితే, ఆ ఎంజైమ్ ఉన్న కణాలు విషాన్ని కూడా తోడుకుని చస్తాయి, లేనివి మిగులుతాయి. అలా ఏరిన మైలోమా హాట్ ద్రవంలో దాహంతో చస్తుంది.

ఎలుక ప్లీహం నుంచి తీసిన బి కణానికి చేద ఉంది, ఆయుష్షు లేదు. గాజుపాత్రలో కొద్ది రోజుల్లో దానంతట అదే పోతుంది, దాన్ని ఎవరూ చంపక్కర్లేదు. రెండూ కలిసిన కణానికి బి కణం చేద ఇచ్చింది, మైలోమా ఆగకుండా విభజన చెందే గుణం ఇచ్చింది. 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టైన్ చేసిన పనికి ఇదే ఇరుసు. థైమిడిన్ ఎందుకని కొందరు అడిగారు. అమినోప్టెరిన్ కట్టేసే కుళాయిలు రెండు. హైపోజాంథిన్ ఒకదానికి బదులు, థైమిడిన్ రెండోదానికి బదులు.

చేసేటప్పుడు నేను తప్పనిసరిగా పాటించేవి రెండు. ప్లేటులోని ఒక గుంటలో, బి కణంతో కలపని మైలోమాను ఒక్కదాన్నే హాట్‌లో ఉంచుతాను. వారం దాటినా అది బతికి ఉంటే, మైలోమా తన చేదను తిరిగి సంపాదించుకుందనో, హాట్ పాడయిందనో అర్థం. అప్పుడు పక్క గుంటల్లో పెరిగినవాటిని నమ్మకూడదు. రెండోది, ఎంపిక అయిపోగానే కణాలను మామూలు ద్రవంలోకి మార్చను. కణం లోపల అమినోప్టెరిన్ ఇంకా మిగిలి ఉంటుంది. అందుకని కొన్నాళ్లు హైపోజాంథిన్, థైమిడిన్ మాత్రం ఉన్న ద్రవంలో పెంచాలి. నేను మొదటిసారి ఈ మెట్టు దాటేసి ప్లేటు మొత్తం పోగొట్టుకున్నాను.

కావలసిన యాంటీబాడీ ఇచ్చే గుంటను ఎలైసా అనే పరీక్షతో పట్టుకోవడం, పలుచన చేసి ఒక్కో గుంటకు ఒక్కో కణం వచ్చేలా క్లోన్ చేయడం మీకు తెలిసినవే, వదిలేస్తున్నా.

ఇక అసలు చిక్కు. వచ్చిన యాంటీబాడీ ఎలుకది. 1986లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి మందు మురోమోనాబ్ అలాంటిదే. మూత్రపిండ మార్పిడి తర్వాత శరీరం కొత్త అవయవాన్ని తోసిపుచ్చకుండా ఇచ్చేవారు. కానీ రోగి శరీరం ఆ ఎలుక ప్రొటీన్‌ మీదే యాంటీబాడీలు తయారుచేసేది. రెండోసారి ఇస్తే మందు పని చేయకముందే కొట్టుకుపోయేది. తొలి పరిష్కారం కైమెరిక్: పట్టుకునే కొసలు ఎలుకవి, మిగతా ఒళ్లు మనిషిది. తర్వాత 1986లో కేంబ్రిడ్జ్‌లోనే గ్రెగ్ వింటర్ బృందం ఇంకా ముందుకు వెళ్లి, కొసల్లో కూడా లక్ష్యాన్ని తాకే మడతలు మాత్రమే ఎలుక నుంచి తీసి మనిషి యాంటీబాడీ చట్రంలో అంటుకట్టింది. ఒక్కో కొసలో ఆరు మడతలు: బరువైన గొలుసులో మూడు, తేలికైన దాంట్లో మూడు.

అంటు కట్టగానే కాయ కాయదు. రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 అనే ప్రొటీన్‌ను పట్టే 4డి5 అనే ఎలుక యాంటీబాడీ సంగతి చూడండి. ఆరు మడతలనూ యథాతథంగా మనిషి చట్రంలో పెడితే పట్టు సుమారు 80 రెట్లు పడిపోయింది. మడతలు అవే, అమైనో ఆమ్లాలు అవే. మరి ఏం మారింది? వాటి కింద ఉన్న దిమ్మె. బరువైన గొలుసులో 71వ స్థానంలో మనిషి చట్రంలో పెద్ద ఆర్జినైన్ ఉంది, ఎలుకలో అక్కడ చిన్న అలానైన్. పెద్దది కింద నుంచి ఎత్తిపెడితే రెండో మడత వేరే వంపు తిరుగుతుంది. అలాంటి కొన్ని స్థానాలను తిరిగి ఎలుకవిగా మార్చి, ఒకదాని తర్వాత ఒకటిగా ఎనిమిది రూపాలు చేశారు. ఎనిమిదోది అసలు ఎలుక యాంటీబాడీ కంటే మూడు రెట్లు గట్టిగా పట్టింది. 1992లో ప్రచురితమైంది, 1998లో ట్రాస్టుజుమాబ్ పేరుతో మందుగా వచ్చింది.

ఇప్పుడు ఆ పేరు విప్పుదాం. ట్రాస్ + టు + జు + మాబ్. చివర మాబ్ అంటే మోనోక్లోనల్ యాంటీబాడీ. దాని ముందున్నది మూలం: ఒ అయితే ఎలుక, క్సి అయితే కైమెరిక్, జు అయితే మానవీకరించినది, ఉ అయితే పూర్తిగా మనిషిది. దానికి ముందు లక్ష్యం: టు అంటే కణితి, లి అంటే రోగనిరోధక వ్యవస్థ. మొదటి ముక్కకు అర్థం వెతకవద్దు, వేరే మందుతో కలవకుండా పెట్టిన శబ్దం మాత్రమే. రి + టు + క్సి + మాబ్, ఇన్‌ఫ్ + లి + క్సి + మాబ్ కూడా ఇదే తీరు.

రెండో ప్రశ్నలో మీరు పడింది ఇక్కడే. అడాలిముమాబ్‌లో "ము" కనిపించగానే ఎలుక అని రాసేశారు. ఈ తప్పు మందుల దుకాణాల్లోనూ వింటుంటాను, విన్న ప్రతిసారీ ప్రాణం విసుగెత్తుతుంది. ఇక్కడ మన తెలుగు లిపి కూడా కొంత మోసం చేస్తుంది. హల్లునూ అచ్చునూ ఒకే అక్షరంగా రాస్తాం కాబట్టి ముక్కల మధ్య గీత అక్షరం నడుమ పడితే కంటికి కనిపించదు. దీన్ని సంధిలా విడదీయండి. మా + అమ్మ అంటే మధ్యలో య వచ్చి మాయమ్మ అవుతుంది కదా, యడాగమం. ఇక్కడ లి తర్వాత ఉ అనే అచ్చు రావాలి. రెండు అచ్చులు ఎదురుపడకుండా మ్ ఆగమంగా వచ్చింది: అడా + లి + (మ్) + ఉ + మాబ్. పూర్తిగా మనిషిది. పానిటుముమాబ్ కూడా అంతే: పాని + టు + (మ్) + ఉ + మాబ్. టోసిటుమోమాబ్‌లో అదే మ్ వచ్చింది, కానీ దాని తర్వాత ఉన్నది ఒ, కాబట్టి ఎలుకది. ట్రాస్టుజుమాబ్‌లో టు తర్వాత హల్లు ఉంది, ఆగమం అక్కర్లేదు. నియమం ఒక్కటే: మ్ ను పక్కనపెట్టి దాని తర్వాతి అచ్చును చూడండి.

ఈ పద్ధతి పాత పేర్లకే. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మూలాన్ని చెప్పే ముక్కను కొత్త పేర్లలోంచి తీసేసింది. పేరులో ఉ ఉన్నంత మాత్రాన శరీరం ఎదురు తిరగదని అనుకోకూడదు. అడాలిముమాబ్ మీదా కొందరు రోగుల్లో యాంటీబాడీలు పుడతాయి. 2021 కోవిడ్ రోజుల్లో మన దగ్గర ఇచ్చిన కాసిరివిమాబ్‌ను విడదీస్తే కాసిరి + వి + మాబ్, వి అంటే వైరస్. అది మనిషి యాంటీబాడీయే, పేరు మాత్రం చెప్పదు. 2021 చివర్లో మాబ్‌నే నాలుగు ముక్కలు చేశారు. మార్పులు లేని పూర్తి యాంటీబాడీకి టగ్, స్థిర భాగాన్ని మార్చినదానికి బార్ట్, రెండు లేదా ఎక్కువ లక్ష్యాలను పట్టేదానికి మిగ్, తునకకు మెంట్.

సాధన: ఇపిలిముమాబ్, ఇబ్రిటుమోమాబ్, బెవాసిజుమాబ్, సెకుకినుమాబ్ విడదీసి మూలం చెప్పండి. చివరిదాంట్లో ఆగమం మ్ కాదు, ఏదో మీరే పట్టుకోండి. తర్వాత ఇది: మీ మైలోమాకు హెచ్‌జీపీఆర్‌టీ ఉంది, థైమిడిన్‌ను వాడుకునే థైమిడిన్ కైనేజ్ ఎంజైమ్ లేదు. హాట్ పనిచేస్తుందా? అదే కణాలతో హాట్ కలిపేటప్పుడు హైపోజాంథిన్ వేయడం మరిచిపోతే మైలోమా, బి కణం, హైబ్రిడ్ మూడింట్లో ఏది బతుకుతుంది? కుళాయి, బావి బొమ్మ గీసి, ప్రతి కణానికీ విడిగా కారణం రాయండి.