tcpdump పెట్టే ముందు చూసుకోవాల్సినవి

కడప బ్రాంచి నుంచి మన సర్వర్‌కు రిక్వెస్టే రావడం లేదని చెప్పే ముందు, tcpdumpతో మనం ప్యాకెట్లను పడుతున్న తీరు సరిగ్గా ఉందో లేదో తేల్చుకోండి.

ఫిల్టర్‌లో 192.168తో మొదలయ్యే లోపలి అడ్రస్ పెట్టకండి. సర్వర్‌కు కనిపించేది బ్రాంచి పబ్లిక్ ఐపీ. అది మారుతుండొచ్చు, ఐపీవీ6 కూడా కావచ్చు. అందుకే ముందు పోర్టుతోనే పట్టండి:

```
sudo tcpdump -nn -i any 'tcp port 8443'
```

ఇది నడుస్తుండగా మీ ఫోన్ డేటాతో అదే పోర్టుకు ఒకసారి కనెక్ట్ అవ్వండి. మీ ప్యాకెట్లు కనిపించాకే బ్రాంచివాళ్లను ప్రయత్నించమనండి, టైమ్ రాసుకోండి. ఈ పరీక్ష చేయకపోతే, ఏమీ కనిపించలేదన్న మాటకు విలువ లేదు.

లైనక్స్‌లో లోపలికి వచ్చే ప్యాకెట్‌ను tcpdump ఐపీటేబుల్స్ కంటే ముందే చూస్తుంది. కాబట్టి మీ ఫోన్ కనిపించి బ్రాంచి కనిపించకపోతే, తప్పు సర్వర్ ఫైర్‌వాల్‌ది కాదు. బ్రాంచి రూటర్, వాళ్ల ఇంటర్నెట్, డీఎన్ఎస్, క్లౌడ్ సెక్యూరిటీ గ్రూప్ చూడండి; ఆ గ్రూప్ ఆపినవి మన మెషీన్‌దాకా రావు.

బ్రాంచి నుంచి కనెక్షన్ అడిగే `Flags [S]` మాత్రమే మళ్లీ మళ్లీ వస్తూ, జవాబుగా `[S.]` వెళ్లకపోతే రిక్వెస్ట్ గడప దాకా వచ్చింది. అప్పుడు వెతకాల్సింది మన సర్వర్‌లోనే, ముందుగా ఫైర్‌వాల్‌లో; బ్రాంచివాళ్లను విసిగించకండి.

పట్టిన ప్యాకెట్లను ఫైల్‌లో దాస్తే అందులో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు. పని కాగానే తీసేయండి.