ఫోటో కంపోజింగ్ నేర్చుకుందాం – 6వ భాగం: ముఖం అన్నది, ఒళ్లు తమ్ముడిది

పోయిన భాగంలో పెద్దాయన ముఖాన్ని పాత పాస్‌పోర్టు ఫోటోలోంచి చెవులు, జుట్టుతో సహా మాస్క్ చేసి తీసి, రంగు సరిచేసి పెట్టుకున్నాం. సంవత్సరీకానికి పటం కట్టించాలని ఇంట్లోవాళ్ల కోరిక. పట్టుచొక్కా, కండువాతో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. అందుకని తమ్ముడిగారిని అడిగి, ఆయన సరేనన్నాకే ఆయన ఫోటో తీసుకున్నాం. చిక్కల్లా అన్న బక్కపలచని మనిషి, తమ్ముడు భారీ మనిషి కావడమే.

ముఖం పైన పెట్టగానే కింద తమ్ముడి బుగ్గలు, చెవులు పక్కల నుంచి బయటికి కనిపిస్తాయి. అవి కనబడకుండా పోయేదాకా పై ముఖాన్ని పెంచుకుంటూ పోవడం కొత్తవాళ్లందరూ చేసే పనే. అలా చేస్తే తల గుమ్మడికాయలా తయారవుతుంది. ఒళ్లు వచ్చినా, తగ్గినా మారేది బుగ్గలూ మెడా గానీ కళ్ల మధ్య దూరం కాదు. పెద్దవాళ్లలో మనిషికీ మనిషికీ కూడా అది పెద్దగా తేడా ఉండదు, సగటున 63 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి తల సైజుకి కొలత కనుపాపలే. ఇద్దరూ కెమెరా వైపు నేరుగా చూస్తున్నప్పుడే ఈ కొలత పనికొస్తుంది.

మన ఫోటోల్లో తమ్ముడి కనుపాపల మధ్య 240 పిక్సెళ్లు, అన్నకి 150. 240ని 150తో భాగిస్తే 1.6. ముఖం లేయర్ మీద Ctrl+T నొక్కి, పైన W, H రెండిట్లో 160% ఇవ్వండి. తర్వాత కంటితో చూసి రెండు మూడు శాతం అటూ ఇటూ సర్దుకోవచ్చు, అంతకు మించి వద్దు. ఇప్పుడు పక్కల నుంచి తమ్ముడి చెవులు కనిపిస్తూనే ఉంటాయి, ఉండనివ్వండి. వాటిని దాచకూడదు, తీసేయాలి. తమ్ముడి లేయర్‌కి ఒక కాపీ చేసుకుని, Clone Stamp తో వెనక తెర గుడ్డను ఆ చెవులూ బుగ్గల మీదికి తెచ్చి పూర్తిగా కప్పేయండి. తెర సాదాగా ఉంది కాబట్టి తొందరగానే అయిపోతుంది.

అన్న చెవులు అన్నవే ఉండాలి. ఇంట్లోవాళ్లు మనిషిని గుర్తుపట్టేది చెవుల వల్ల కూడా. అవి సరైన ఎత్తులో ఉన్నాయో లేదో ఒక్కసారి చూడండి. మనిషి నేరుగా చూస్తుంటే చెవి పైభాగం కనుబొమ దగ్గర, తమ్మె ముక్కు అడుగు దగ్గర ఉంటాయి. తల దించితే చెవులు ఆ గీతల కన్నా పైకి, ఎత్తితే కిందికి పోతాయి. అన్న తల దించి ఉండి, తమ్ముడి ఫోటోలో గడ్డం ఎత్తి మెడంతా కనిపిస్తుంటే ఆ జత ఇక కుదరదు. చెవులు జరిపి లాభం లేదు, వేరే ఫోటో వెతుక్కోవాలి.

అసలు పని మెడ దగ్గర. పాత ఫోటోలో గడ్డం కింద కాస్త మెడ కనిపిస్తోంది: దవడ మూలల మధ్య 250, మెడ 225. 1.6 రెట్లు చేస్తే 400, 360. తమ్ముడి మెడ 480 ఉంది. అంటే ఒక్కో పక్క 60 పిక్సెళ్లు లోపలికి రావాలి. Filter > Liquify తెరిచి, Freeze Mask తో ముందుగా కాలర్‌ని, కండువాని కప్పేయండి, లేకపోతే జరీ అంచు వంకర పోతుంది. బ్రష్ సైజు మెడంత వెడల్పు, Pressure 20 పెట్టుకుని, ఒక్కసారే లాగకుండా కొంచెం కొంచెంగా నెట్టండి. చిన్న బ్రష్‌తో లాగితే మెడ అంచు అలలు తిరుగుతుంది.

మెడ సన్నబడ్డాక కాలర్‌కీ మెడకీ మధ్య సందు పడుతుంది. సన్నటి మనిషికి కాలర్ కాస్త వదులుగా ఉండటం సహజమే కాబట్టి కొంత ఉంచి, మిగతాది కాలర్‌నే కొద్దిగా లోపలికి జరిపి సరిచేయండి. ఆ సందులో కనిపించాల్సింది చొక్కా లోపలి గుడ్డ. దాన్ని చొక్కాలోంచే క్లోన్ చేసి కాస్త చీకటి చేయాలి.

తర్వాత తమ్ముడి మెడ మీది అడ్డ మడతలు. వాటిని పూర్తిగా చెరిపేస్తే ముసలాయనకి కుర్రవాడి మెడ వచ్చేస్తుంది. కొత్త లేయర్ మీద, పైన Sample లో Current & Below పెట్టుకుని, Healing Brush తో చెరిపి, ఆ లేయర్ Opacity 50% చేస్తే సగం మిగులుతాయి, అంతే చాలు. ముఖానికీ మెడకీ అతుకు దవడ కిందే ఉండాలి. అక్కడ Multiply లేయర్‌లో చర్మం రంగుకే ముదురు ఛాయతో మెత్తటి నీడ వేయండి. ముక్కు నీడ ఎటు పడిందో గడ్డం నీడా అటే వాలాలి.

ఇంకా తల చిన్నదిగా అనిపిస్తే తల జోలికి పోకుండా ఒంటిని తగ్గించండి. ఒంటి లేయర్‌ని అడ్డంగా 95% చేస్తే కండువా మడతల్లో ఆ తేడా ఎవరికీ తెలియదు. 90కి దిగితే మాత్రం చొక్కా గుండీలు కోడిగుడ్డు ఆకారంలోకి వస్తాయి, అదే గుర్తు.

చివర్లో మనిషి ఆకారం మొత్తాన్ని కొత్త లేయర్‌లో నల్లగా నింపి దూరం నుంచి చూడండి. కళ్లూ ముక్కూ కనబడనప్పుడు మెడ భుజంలోకి దిగే వంపులో తప్పుంటే వెంటనే తెలిసిపోతుంది.

160% పెంచడం వల్ల ముఖం చొక్కా కన్నా మసకగా కనిపిస్తోంది కదా. ఆ మసకనీ గ్రెయిన్‌నీ వచ్చే భాగంలో సరిచేద్దాం. అందాకా ఈ ఫైల్‌ని లేయర్లు కలపకుండా PSD గానే దాచుకోండి.