మాటలు లేని సినిమాను చూడటం ఎలా?

సంభాషణలను పట్టుకుని కథ వెంట నడవడం అలవాటైన ప్రేక్షకుడికి మాటలు లేని సినిమా తొలి పావుగంటలోనే భారంగా తోస్తుంది. అటువంటివారు సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1987లో వచ్చిన 'పుష్పక విమానం'తో మొదలుపెట్టడం మంచిది. రెండు గంటలకు పైగా సాగే ఆ చిత్రంలో పాత్రలు మాట్లాడుకోవు. అయినా అది మూకీ చిత్రం కాదు, ఎందుకంటే అందులో శబ్దాలన్నీ ఉన్నాయి.

అందుకే మొదట చేయవలసిన పని, ఎలాగూ మాటలు లేవు కదా అని ధ్వనిని తగ్గించకుండా, వీలైతే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడటం. కమల్ హాసన్ పోషించిన నిరుద్యోగి అద్దెకుండే ఇరుకు గదిలోకి పక్కనున్న సినిమా హాలు రొద నిత్యం వినిపిస్తూ ఉంటుంది. అతను ఖరీదైన హోటల్ గదికి చేరాక, ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టక, ఆ రొదనే టేప్ రికార్డర్‌లో రికార్డు చేసి తెచ్చుకుని, దాన్ని వింటూ హాయిగా నిద్రపోతాడు. పేదరికం మనిషి శరీరానికి ఎంతగా అలవాటైపోతుందో ఏ సంభాషణా ఇంత సూటిగా చెప్పలేదని నా అభిప్రాయం. ధ్వని తగ్గించి చూసినవారికి మాత్రం మంచం పక్కన ఒక యంత్రమే కనిపిస్తుంది.

తరువాత, ముఖాల కంటే ముందు చేతులను గమనించండి. తాగి పడిపోయిన ధనవంతుడి హోటల్ గది తాళంచెవి నాయకుడి చేతికి చిక్కడంతోనే కథ మలుపు తిరుగుతుంది. ఆ తాళంచెవి ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఆ సంగతి ఇంకెవరికి తెలుసు అన్న రెండు ప్రశ్నలను మనసులో ఉంచుకుంటే కథ తప్పిపోదు. పాత్ర చూపు ఎటు తిరిగిందో కూడా చూడాలి, ఎందుకంటే ఆ చూపు దేనిపై పడిందో సాధారణంగా తరువాతి షాట్‌లోనే తెలుస్తుంది.

పాత్రల పెదవులకు మీరే మాటలు కల్పిస్తున్నారంటే దృశ్యం మీ పట్టు నుంచి జారిందని గుర్తించండి. అప్పుడు పక్కవారిని అడగకుండా, ఏదైనా వస్తువు చేతులు మారిన చోటికి సినిమాను వెనక్కి తిప్పి, ఆ ఒక్క సన్నివేశాన్ని మళ్లీ చూడండి.

ఇది అలవాటయ్యాక 2016 నాటి యానిమేషన్ చిత్రం 'ది రెడ్ టర్టిల్' చూడవచ్చు. నిర్జన దీవిలో చిక్కుకున్న మనిషి కథ కనుక అందులో చేతులు మారే తాళంచెవి వంటి వస్తువు దొరకదు. అతను కట్టిన తెప్ప సముద్రంలో ఎంతదూరం పోయిందో, ఎలా విరిగిందో, మళ్లీ కట్టేటప్పుడు ఏం మార్చాడో గమనిస్తూ వెళ్తే కథ దానంతట అదే అందుతుంది.