మలం శాంపిల్‌లో గుడ్లు తేలుతాయా, మునుగుతాయా? కాన్సన్‌ట్రేషన్ ఎలా చేయాలి

పురుగు గుడ్డు సాంద్రత ద్రావణం కంటే తక్కువుంటే తేలుతుంది, ఎక్కువుంటే అడుగుకి పోతుంది, మెథడ్ ఎంచుకోవడమంతా దీని మీదే. ఏదైనా ముందు సెలైన్‌తో మామూలు స్లయిడ్ ఒకటి చూసేయండి, ఎందుకంటే అమీబా, జియార్డియా లాంటి ఏకకణ జీవుల కదిలే రూపాలైన ట్రోఫోజోయిట్లు గుడ్లని తేల్చే ఫ్లొటేషన్‌లోనూ, అడుగుకి దింపే సెడిమెంటేషన్‌లోనూ మిగలవు.

ఫ్లొటేషన్ సులువు. వేడినీళ్ళలో ఉప్పు ఇక కరగనంతవరకూ కలిపి చల్లార్చండి, అడుగున కాస్త ఉప్పు మిగిలుంటే సరిపోయినట్టే (సాంద్రత 1.20 దగ్గర్లో ఉంటుంది). చిన్న వయల్‌లో 1 గ్రాము మలం వేసి కొంచెం ఉప్పునీళ్ళతో బాగా చిదిమి, పైదాకా నింపుతూ అంచు మీద నీళ్ళు కాస్త ఉబ్బినట్టు కనపడేదాకా పోయాలి, గాలిబుడగ లేకుండా పైన స్లయిడ్ పెట్టి 20 నిమిషాలు కదపకుండా వదిలేసి, నిటారుగా పైకెత్తి టక్కున తిప్పి కవర్‌స్లిప్ వేసి వెంటనే చూడాలి. ఆలస్యం చేస్తే హుక్‌వర్మ్ గుడ్ల పలచటి పెంకు నొక్కుకుపోతుంది. హుక్‌వర్మ్‌కి మాత్రం ఇంతకంటే శుభ్రమైన స్లయిడ్ రాదు, చెత్తంతా కిందే ఉండిపోతుంది కదా. జియార్డియా సిస్టులు ఈ ఉప్పులో ముడుచుకుపోతాయి, వాటికి 1.18 సాంద్రత ఉన్న జింక్ సల్ఫేట్ వాడండి.

సెడిమెంటేషన్‌కి పని ఎక్కువ. 1 గ్రాము మలాన్ని 10 శాతం ఫార్మలిన్ 7 మి.లీ.లో కలిపి గాజుగుడ్డతో వడకట్టి, 3 మి.లీ. ఇథైల్ ఎసిటేట్ పోసి (ఈథర్ కూడా పనికొస్తుంది కానీ మంటకి చాలా ప్రమాదం) మూత బిగించి నిమిషం గట్టిగా ఊపండి, మూత మెల్లగా వదులు చేసి లోపలి గాలి పోనిచ్చాక సెంట్రిఫ్యూజ్‌లో పెట్టండి. తీశాక నాలుగు పొరలు కనపడాలి: పైన ద్రావకం, కింద చెత్త బిళ్ళ, తర్వాత ఫార్మలిన్, అట్టడుగున మనకి కావలసిన మడ్డి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, పుల్లతో బిళ్ళని గొట్టం గోడ నుంచి చుట్టూ విడదీయకుండా వంపేస్తారు, అప్పుడు చెత్త జారి మడ్డిలో పడుతుంది, స్లయిడ్ అంతా మసకే. విడదీసి ఒక్కసారిగా వంపేసి, మిగిలిన మడ్డి చుక్కకి అయోడిన్ కలిపి చూడండి, సిస్టుల న్యూక్లియస్‌లు తేలిగ్గా కనపడతాయి.

నేను చూసిన ఒక శాంపిల్‌లో ఉప్పు స్లయిడ్ పూర్తిగా ఖాళీ. అదే శాంపిల్ మడ్డిలో పొడుగ్గా, గరుకు పెంకుతో, లోపల గింజలు కుక్కినట్టున్న గుడ్లు నాలుగు కనపడ్డాయి, అవి ఫలదీకరణ జరగని ఏలికపాము గుడ్లు. మగపురుగు లేకుండా ఆడది ఒక్కటే పేగులో ఉంటే అన్నీ ఇలాంటివే వస్తాయి, ఇవి బరువెక్కువ కాబట్టి ఉప్పునీళ్ళలో సరిగ్గా తేలవు. టేనియా గుడ్లూ అంతే, మూత ఉండే లివర్ ఫ్లూక్ గుడ్లైతే ఉప్పుకి మూత తెరుచుకుని మునిగిపోతాయి. అందుకే ఏం వస్తుందో తెలియనప్పుడు నేను సెడిమెంటేషనే చేస్తాను, ఉప్పు మెథడ్ ఒక్కటే చేసినప్పుడు రిపోర్టులో "ఫ్లొటేషన్‌లో కనపడలేదు" అని మెథడ్ పేరుతో సహా రాస్తాను.