క్లాంప్ మీటర్‌లో సున్నా కనపడిందని చెయ్యి పెట్టకండి

కత్తిరి ఎండలు ఇంకా మొదలవనేలేదు, పెరంబూరులో ఒక ఇంటి మేడమీద ఏసీ ఔట్‌డోర్ యూనిట్ దగ్గర మా కుర్రాడొకడికి షాక్ కొట్టింది. బతికాడు. కుడి చేతి బొటనవేలు కాలింది. చూడ్డానికి వెళ్తే వాడన్న మొదటి మాట, "అన్నా, మీటర్‌లో సున్నానే చూపించింది."

తడి చేతులు, చెప్పుల్లేని కాళ్ళ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. నేను రాసేది ఆ సున్నా గురించే.

అది 1.5 టన్నుల పాత రకం స్ప్లిట్, ఇన్వర్టర్ కాదు. ప్లేటు మీద 7.5 ఆంపియర్లని ఉంది. లోపల యూనిట్ నడుస్తోంది, బయట ఫ్యానూ లేదు, కంప్రెసర్ చప్పుడూ లేదు. వాడు ఔట్‌డోర్‌కి వచ్చే కేబుల్‌ని మొత్తంగా మీటర్ నోట్లో పెట్టాడు. 0.00. కరెంటు రావట్లేదనుకుని మూత విప్పి న్యూట్రల్ స్క్రూ మీద వేలు పెట్టాడు.

ఇక్కడ తప్పులు రెండు. కేబుల్ మొత్తాన్ని పడితే ఫేజులో వెళ్ళే కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 7.5 ఆంపియర్లు నిక్షేపంగా పారుతున్నా మీటర్ సున్నాయే చూపిస్తుంది. అందుకే ఎప్పుడైనా ఒక్క వైరునే పట్టాలి.

రెండోది ఇంకా ప్రమాదం. ఒక్క వైరే పట్టి సున్నా వచ్చినా, కరెంటు పారట్లేదని మాత్రమే అర్థం. వోల్టేజి లేదని కాదు. ట్యాంకు నిండా నీళ్ళున్నా కింద ట్యాప్ కట్టేస్తే పైపులో నీళ్ళు కదలవు కదా, అలాగ. వాడి విషయంలో న్యూట్రల్ వైరు మధ్యలో జాయింటు దగ్గర ఊడిపోయింది. దారి తెగింది కాబట్టి ఆంపియర్లు సున్నా. కానీ ఫేజు మోటారు చుట్ట గుండా వచ్చి న్యూట్రల్ స్క్రూ మీద కూర్చుంది. తెగిన దారిని వాడి వేలు కలిపింది.

వోల్టేజి లేదని తేల్చేది వోల్టుల రీడింగే. ముందు కరెంటున్న ప్లగ్గులో మీటర్ పెట్టి 230 దగ్గర చూపిస్తోందో లేదో చూడండి. తర్వాత మీ టెర్మినల్స్ దగ్గర ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్తు, న్యూట్రల్-ఎర్తు మూడూ చూడండి. మళ్ళీ ఆ ప్లగ్గు దగ్గరికే వెళ్ళి మీటర్ మధ్యలో చావలేదని చూసుకోండి. ఆ కుర్రాడు న్యూట్రల్-ఎర్తు ఒక్కటి చూసుంటే చాలు.

ఇక ఆంపియర్లు చూడాలంటే, ప్లగ్గుతో నడిచే ఏసీకైతే మూత విప్పే పనే లేదు. 16 ఆంపియర్ల ప్లగ్గు, సాకెట్, మధ్యలో అడుగు పొడవున మూడు విడి వైర్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగివి. ఇది తయారుచేసి సంచిలో పెట్టుకోండి. మధ్యలో తగిలించి ఫేజు వైరు పట్టండి. నాదానికి ఏడేళ్ళు, వైర్లు ఒకసారే మార్చాను.

ప్లగ్గు లేకపోతే ఎంసీబీ ఆపి, వోల్టులు చూసి, ఫేజు వైరును లూప్‌లా బయటికి లాగి మీటర్ తగిలించండి. మూత వేసి, చేతులు తీసేశాక ఆన్ చెయ్యండి. ప్లేటు మీద 7.5 ఉన్నదానికి పది నిమిషాలు నడిచాక 7 దాకా ఉంటే సరే. మొదటి క్షణంలో అయిదారింతలు లాగుతుంది, కంగారొద్దు. అలా 30 పైనే ఉండి, కొన్ని సెకన్లకు సున్నా అయిపోతే కంప్రెసర్ తిరగట్లేదు, ఓవర్‌లోడ్ ఆపేసింది. కెపాసిటర్ పోయి ఉండొచ్చు. ఇక్కడా ఆ సున్నాను నమ్మకండి. చల్లబడగానే ఓవర్‌లోడ్ తనంతట తానే కలుస్తుంది, మిమ్మల్ని అడగదు.

ఇంకా వినండి. మీటర్ నోరు పూర్తిగా మూసుకోవాలి, సందున్నా రీడింగ్ తప్పు. HOLD బటన్ నొక్కి ఉందేమో చూడండి, పాత సున్నా అలాగే నిలబడిపోతుంది. వేళ్ళు మీటర్ గట్టుకు ఇవతలే. కరెంటుండగా కేబుల్ పైతొడుగు చీల్చొద్దు. CAT III 600 V అని లేని మీటర్‌తో డీబీ తెరవొద్దు. రిమోట్‌తో ఆపడం ఆపడం కాదు. ఆపిన ఎంసీబీ దగ్గర మనిషిని నిలబెట్టండి, లేదా టేపు వేయండి. కెపాసిటర్ ముట్టే ముందు దాని డీసీ వోల్టులు చూడండి. ఇన్వర్టర్ ఏసీ అయితే ఆపాక లేబుల్ మీద రాసినన్ని నిమిషాలు ఆగి, మీటర్‌ని డీసీ వోల్టులకు మార్చి చూడండి. ఏసీ వోల్టుల్లో పెట్టి చూస్తే అక్కడా సున్నాయే కనిపించొచ్చు, లోపల 300 పైన ఉండొచ్చు.