మీ తొడల్లో స్లో ట్విచ్ తంతువులు ఎక్కువా, ఫాస్ట్ ట్విచ్ తంతువులు ఎక్కువా? అంచనా వేసుకోవడం ఎలా?

కండరంలో ఏ రకం తంతువులు ఎన్ని ఉన్నాయో కచ్చితంగా తెలియాలంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించాలి. అంత అవసరం లేనివారు బరువుల పరీక్షతో స్థూలంగా అంచనా వేసుకోవచ్చు.

స్లో ట్విచ్ తంతువుల్లో మైటోకాండ్రియా, రక్తకేశనాళికలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి, అవి ఆక్సిజన్‌ను వాడుకుంటూ గంటల తరబడి పనిచేయగలవు. ఫాస్ట్ ట్విచ్ తంతువులు అంతకంటే చాలా వేగంగా ముడుచుకుని ఎక్కువ శక్తిని ఇస్తాయి కానీ, త్వరగా అలసిపోతాయి. బరువు తేలికగా ఉన్నప్పుడు శరీరం ముందుగా స్లో ట్విచ్ తంతువులనే పనిలోకి దించుతుంది. బరువు పెరిగేకొద్దీ ఫాస్ట్ ట్విచ్ తంతువులూ వచ్చి చేరతాయి. అందుకే ఈ పరీక్షకు బరువు బాగా ఎక్కువగా ఉండాలి.

మొదట పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించి, లెగ్ ప్రెస్ యంత్రంపై సరైన పద్ధతిలో ఒక్కసారి మాత్రమే నెట్టగల గరిష్ఠ బరువు ఎంతో, ప్రతి ప్రయత్నానికీ మధ్య మూడు నాలుగు నిమిషాల విరామమిస్తూ కనుక్కోండి. బరువులకు కొత్తవారు, మోకాలి నొప్పి లేదా గుండె సమస్య ఉన్నవారు దీని జోలికి పోకూడదు. తర్వాత కనీసం పదిహేను నిమిషాలు ఆగి, ఆ గరిష్ఠ బరువులో 80 శాతం పెట్టి, ఆపకుండా ఎన్నిసార్లు నెట్టగలరో లెక్కించండి. వాడుకలో ఉన్న కొలమానం ప్రకారం ఏడు కంటే తక్కువైతే ఫాస్ట్ ట్విచ్ వైపు, పన్నెండు దాటితే స్లో ట్విచ్ వైపు మొగ్గు ఉన్నట్టు. మధ్యలో ఉంటే మిశ్రమం.

ఎక్కువమంది పొరబడేది మొదటి అంకె దగ్గరే. ఉదాహరణకు, 100 కిలోలే తన గరిష్ఠమనుకున్న వ్యక్తి 80 కిలోలను పద్నాలుగుసార్లు నెట్టి, తనది స్లో ట్విచ్ శరీరమని తేల్చుకున్నాడనుకుందాం. అతని అసలు గరిష్ఠం 110 కిలోలైతే, పరీక్ష జరిగింది 73 శాతం బరువుతోనే. సరిగ్గా 88 కిలోలతో చేస్తే తొమ్మిది పదిసార్లకే ఆగిపోయి మిశ్రమం కిందికి వచ్చి ఉండేవాడు. కాబట్టి ఫలితం మరీ ఎక్కువగా అనిపిస్తే, కొన్ని రోజుల తర్వాత గరిష్ఠ బరువును మళ్లీ కొలవండి.

ఫలితం తొడలకే వర్తిస్తుంది. పిక్కలోని సోలియస్ కండరంలో దాదాపు అందరికీ స్లో ట్విచ్ తంతువులే ఎక్కువగా ఉంటాయి. పైగా, ఏళ్ల తరబడి దూరం పరుగెత్తినవారు అలవాటు వల్లే ఎక్కువసార్లు నెట్టగలరు.

ఇక శిక్షణకు వస్తే, ఫాస్ట్ ట్విచ్ మొగ్గు ఉన్నవారు 30 నుంచి 60 మీటర్ల పూర్తి వేగపు పరుగులు తక్కువ సంఖ్యలో చేసి, ఒక్కొక్కదాని తర్వాత మూడు నిమిషాలో ఇంకా ఎక్కువో విశ్రాంతి తీసుకోవాలి. విశ్రాంతిని కుదిస్తే అది స్ప్రింట్ శిక్షణ కాకుండా పోతుంది. స్లో ట్విచ్ మొగ్గు ఉన్నవారు మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగంతో చేసే సుదీర్ఘ పరుగులను వారం వారం కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు. సాధన వల్ల ఫాస్ట్ ట్విచ్‌లోనే అతి వేగమైన రకం, ఎక్కువసేపు ఓర్చుకోగల రకంగా మారడం సులభంగానే జరుగుతుంది కానీ, స్లో ట్విచ్ తంతువు ఫాస్ట్ ట్విచ్‌గా మారడం మాత్రం అంత తేలిక కాదు.